కరెంటు పోయిన సాయంత్రం టీచర్‌కి పంపాల్సిన మెసేజీ

ఆన్‌లైన్‌లో ట్యూషన్ చెప్పేవాళ్లకి పని దొరికేది ఎక్కువగా సాయంత్రం పూటే. పిల్లలు స్కూలు నుంచో కాలేజీ నుంచో ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, ఏదో ఒకటి తిని కూర్చునేసరికి అయిదు దాటుతుంది. రాత్రి తొమ్మిదికల్లా ముగించాలి. ఆ నాలుగు గంటల్లోనే నలుగురైదుగురికి పాఠం చెప్పాలి. ఒకరి క్లాసు అయిన పావుగంటకే ఇంకొకరిది మొదలవుతుంది. ఇంత ఇరుకులో ఒక విద్యార్థి కబురు లేకుండా రాకపోతే టీచర్ లింకు తెరిచి, ఖాళీ తెర ముందు పది నిమిషాలు, పావుగంట చూస్తూ కూర్చుంటారు. ఫోన్ చేస్తే అవతల సెల్లు మోగదు. ఈలోగా వేరే విద్యార్థి ‘మేడమ్, ఇవాళ ఒక అరగంట దొరుకుతుందా’ అని అడిగినా ఇవ్వలేరు. అక్కడ విద్యార్థి మాత్రం చీకట్లో, ఏం చెయ్యాలో తోచక, ఇప్పుడో ఇంకాసేపట్లోనో కరెంటు వస్తుందని చూస్తూ ఉంటాడు.

కరెంటు పోవడం పిల్లవాడి తప్పు కాదు, టీచర్ తప్పూ కాదు. అయినా ఒక్క మెసేజీ సరిగ్గా పంపితే ఆ సాయంత్రం ఇద్దరికీ మిగులుతుంది. సరిగ్గా అంటే ఎలా అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నది. నా ఉద్దేశంలో ఆ మెసేజీ రెండు పనులు చెయ్యాలి. మొదటిది, టీచర్ నా కోసం కూర్చోవాలా, అక్కర్లేదా అన్నది మొదటి వాక్యంలోనే తేల్చెయ్యాలి. రెండోది, మళ్లీ ఎప్పుడు అన్నదానికి నిలబడే సమయం చెప్పాలి. ఈ రెండో పని చూడ్డానికి తేలిగ్గా కనిపిస్తుంది గానీ చాలామంది తడబడేది అక్కడే. ఎందుకంటే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియకుండా కొత్త సమయం చెప్పలేం, అది తెలియాలంటే ఎందుకు పోయిందో ముందు కనుక్కోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. ఏప్రిల్ నెల. ఇంటర్ పరీక్షలు రాసేసి ఈఏపీసెట్‌కి చదువుతున్న అమ్మాయి. హైదరాబాద్‌లో ఉండే ఒక మేడమ్ దగ్గర మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం 6:30 నుంచి 7:30 దాకా ఫిజిక్స్ చెప్పించుకుంటోంది. మేడమ్‌కి ఈ అమ్మాయి కంటే ముందు 5:30 నుంచి 6:15 దాకా ఒక క్లాసు, తర్వాత 7:45కి ఇంకో క్లాసు ఉన్నాయి. మంగళవారం సాయంత్రం ఈదురుగాలి లేచింది. 5:50కి కరెంటు పోయింది. అమ్మాయి చేతిలో ఉన్నది 34 శాతం చార్జింగ్ ఉన్న ఫోను. ఇంట్లో ఇన్వర్టర్ లేదు.

ముందు కారణం

కరెంటు పోగానే మొదట చూడాల్సింది పక్కింటి లైటు. మన ఇంట్లో ఒక్కచోటే పోతే అది మన ఫ్యూజు, లేదా మీటరు దగ్గర ట్రిప్ అయిన స్విచ్చు. పది నిమిషాల పని, క్లాసు మార్చాల్సిన అవసరమే రాదు. వీధిలో కొన్ని ఇళ్లకి ఉండి కొన్ని ఇళ్లకి లేకపోతే ఒక ఫేజు పోయిందని అర్థం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వెయ్యాలి, లైన్‌మన్ రావాలి. ఊరంతా చీకటైతే సబ్‌స్టేషన్ నుంచి ఊరికొచ్చే 11 కేవీ ఫీడరే ఆగిందన్నమాట.

ఫీడర్ ఆగిపోయినప్పుడు ఒక చిన్న సంగతి తెలిస్తే చాలా పనికొస్తుంది. గాలికి కొమ్మ ఊగి తీగకి తగిలినా, రెండు తీగలు ఒకదానికొకటి రాసుకున్నా సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ దానంతటదే పడిపోతుంది. అక్కడి ఆపరేటర్ కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ చార్జ్ చేసి చూస్తాడు. తీగ మీద ఏమీ లేకపోతే కరెంటు నిలబడుతుంది. ఇంకా ఏదైనా తగులుతూనే ఉంటే వచ్చిన కరెంటు క్షణంలో మళ్లీ పోతుంది. ఊళ్లో అందరూ ‘ఇలా వచ్చి అలా పోయింది’ అనుకునేది దీన్నే. ఆ తర్వాత సిబ్బంది లైను వెంట నడిచి తప్పు ఎక్కడుందో వెతకాలి. అందుకే కరెంటు పోయిన మొదటి పది నిమిషాల్లో క్లాసు వాయిదా వెయ్యక్కర్లేదు. ఒకసారి వచ్చి పోయిందంటే మాత్రం అది తొందరగా తేలే పని కాదని లెక్క వేసుకోవాలి.

మన అమ్మాయి ఊళ్లో సరిగ్గా అదే జరిగింది. ఆరింటికి ఒకసారి వచ్చింది, వెలిగిన బల్బు వెలిగినట్టే ఆరిపోయింది. వాళ్ల నాన్న లైన్‌మన్‌కి ఫోన్ చేస్తే ‘చెరువు గట్టు దగ్గర తుమ్మకొమ్మ లైను మీద పడిందండి, ఎల్‌సీ తీసుకున్నాం, ఎనిమిదవుతుంది’ అన్నాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. స్తంభం ఎక్కేవాడి ప్రాణానికి పూచీ అది. పని చేసేవాళ్లు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకున్నాక, పని అయి దాన్ని తిరిగి అప్పజెప్పేదాకా ఆ లైనుకి కరెంటు ఇవ్వరు. కాబట్టి లైన్‌మన్‌ని ‘కరెంటు ఎప్పుడొస్తుంది’ అని అడగడం కంటే ‘ఎల్‌సీ తీసుకున్నారా, తిరిగిచ్చేశారా’ అని అడిగితే సరైన జవాబు వస్తుంది. ఎల్‌సీ ఇంకా తీసుకోలేదంటే తప్పు ఎక్కడుందో వాళ్లకే తెలియలేదని అర్థం. తిరిగిచ్చేశారంటే కొద్ది నిమిషాల్లో వస్తుంది. లైన్‌మన్ దొరక్కపోతే 1912కి ఫోన్ చెయ్యొచ్చు. అది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కరెంటు ఫిర్యాదుల నంబరే.

ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతే కథ వేరు. విద్యుత్ నియంత్రణ మండలి 2004లో పెట్టిన సేవా ప్రమాణాల్లో మామూలు ఫ్యూజు పోతే పట్టణాల్లో 4, పల్లెల్లో 12 పనిగంటలు గడువు ఇచ్చారు. ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోతే పట్టణాల్లో 24 గంటలు, పల్లెల్లో 48 గంటలు. అవి గరిష్ఠ గడువులు, చాలాసార్లు పని అంతకంటే ముందే అవుతుంది. కానీ ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని తెలిశాక ‘రాత్రి ఎనిమిదిన్నరకి పెట్టుకుందాం మేడమ్’ అని రాయడం టీచర్‌ని రెండోసారి కూర్చోబెట్టడమే. ఒక్కసారి వాయిదా పడితే ఎవరూ ఏమీ అనుకోరు. వాయిదా వేసిన క్లాసు కూడా జరగకపోతే అప్పుడు మనసు కష్టపెట్టుకుంటారు.

ఇక కరెంటు ఉండి ఇంటర్నెట్ పోయిన సందర్భం. గోడకి బిగించిన ఫైబర్ డబ్బా మీద ఎల్ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా మిణుకుమంటుంటే వెలుతురు మన ఇంటిదాకా రావడం లేదని అర్థం. ఎక్కువగా అది తీగ తెగడం వల్లే. తెగినచోటు వెతికి, మిషన్ తెచ్చి అతకాలి. ఆ రాత్రికి ఆశ పెట్టుకోకపోవడం మంచిది. ఎర్రలైటు లేదు, మిగతా లైట్లు మామూలుగానే ఉన్నాయి, నెట్ మాత్రం రావడం లేదంటే తప్పు ఆపరేటర్ వైపు ఉండొచ్చు, లేదా మన ప్యాకు అయిపోయి ఉండొచ్చు. మన దగ్గర చాలాచోట్ల ఫైబర్ తీగలు కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తాయి. స్తంభం ఒరిగితే రెండూ పోతాయి. కరెంటు వాళ్లు వచ్చి స్తంభం నిలబెట్టినా నెట్ రావడానికి ఇంకొకరు రావాలన్నది గుర్తుంచుకుని కొత్త సమయం చెప్పాలి.

రాసే తీరు

మన అమ్మాయి మొదట ఇలా టైపు చేసిందనుకుందాం.

‘సారీ మేడమ్, వెరీ సారీ. ఇక్కడ కరెంటు లేదండి. ఇవాళ క్లాసు కుదరదేమో. కరెంటు రాగానే చెప్తాను. లేకపోతే మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు పెట్టండి మేడమ్. ప్లీజ్ ఏమనుకోకండి.’

దీంట్లో వినయానికి లోటేమీ లేదు. కానీ ఇది చదివాక మేడమ్‌కి ఏం చెయ్యాలో తెలియదు. ‘కుదరదేమో’ అంటే రాననా, రావొచ్చనా? ‘కరెంటు రాగానే చెప్తాను’ అన్నారు కాబట్టి 6:40కి వస్తే అప్పుడు పిలుస్తుందా? అలాంటప్పుడు ఆ గంట ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. ‘మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు’ అన్నది మనం పెద్దవాళ్ల దగ్గర ఎంతో మర్యాదగా వాడే మాట. ఇక్కడ అది బరువంతా టీచర్ మీద పెడుతోంది. ఆవిడ తన ఖాళీలు చూసుకుని ఒక సమయం రాయాలి, అప్పుడు ఈ అమ్మాయి ‘ఆ టైములో కెమిస్ట్రీ ఉంది మేడమ్’ అనాలి, ఆవిడ ఇంకోటి రాయాలి. క్లాసుల మధ్య ఆవిడకి దొరికే పావుగంటలో ఇది తేలదు.

అదే మెసేజీని ఇలా రాస్తే:

‘మేడమ్, నమస్తే. ఇవాళ మంగళవారం 6:30 ఫిజిక్స్ క్లాసుకి రాలేను, దయచేసి నా కోసం చూడకండి. 5:50 నుంచి మా ఊరంతా కరెంటు లేదు. లైను మీద కొమ్మ పడిందట, ఎనిమిది దాటుతుందన్నారు. బుధవారం సాయంత్రం 6:30 గానీ, గురువారం ఉదయం 6:30 గానీ నాకు కుదురుతుంది. రెండూ మీకు వీలు కాకపోతే శుక్రవారం మన మామూలు క్లాసుకి వస్తాను. పోయినసారి ఇచ్చినవాటిలో 4, 7 లెక్కలు రాలేదు, చేసినంతవరకు ఫొటోలు తర్వాత పెడతాను.’

ఒక్కొక్క మాట ఎందుకుందో చూద్దాం. ‘నా కోసం చూడకండి’ అన్నదే ఈ మెసేజీకి ప్రాణం. ఫోను తెర మీద నోటిఫికేషన్‌లో కనబడేది మొదటి ఒకటి రెండు వరసలే. మేడమ్ వేరే పిల్లవాడికి పాఠం చెబుతూ ఓరకంట చూసినా ఆ ఒక్క ముక్క అందిపోతుంది. కారణం ఒకటి రెండు చిన్న వాక్యాల్లో, తెలిసినంతవరకే ఉంది. చీకటి గది ఫొటోలు, కొవ్వొత్తి ఫొటోలు సాక్ష్యంగా పంపేవాళ్లున్నారు. అవి అక్కర్లేదు. ఎప్పుడు పోయింది, ఎందుకు పోయింది, ఎప్పుడొస్తుందన్నారు అన్న మూడు ముక్కలు స్పష్టంగా ఉంటే నమ్మకం దానంతటదే కలుగుతుంది.

కొత్త సమయాలు రెండూ ఒకే పూట లేవు, గమనించండి. ఒకటి సాయంత్రం, ఒకటి ఉదయం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ పడి పడి మధ్యాహ్నం తర్వాతే మబ్బు పట్టి గాలులు లేస్తాయి. మంగళవారం సాయంత్రం వచ్చిన గాలి బుధవారం సాయంత్రమూ రావొచ్చు. ఉదయం ఆరున్నరకి ఆ భయం తక్కువ. రెండు దారులు చూపించేటప్పుడు రెండూ ఒకే ఆపదకి మూసుకుపోయేవి కాకుండా చూసుకోవాలి. అదే రోజు రాత్రి 8:30 అని ఈ అమ్మాయి అడగలేదు, అది మంచి పని. లైన్‌మన్ చెప్పిన ఎనిమిది అన్నది అంచనా మాత్రమే, పైగా 7:45కి మేడమ్‌కి వేరే క్లాసు ఉందని తనకి తెలుసు.

రెండూ కుదరకపోతే ఏమిటన్నది కూడా తనే రాసింది. మేడమ్ ఆ రాత్రి జవాబు ఇవ్వడం మరిచిపోయినా శుక్రవారం 6:30 ఎలాగూ ఉంది. ఇక చివరి వాక్యం. రాని లెక్కలు ఏవో ముందే తెలిస్తే, వచ్చే క్లాసులో మొదటి పావుగంట ‘ఎక్కడిదాకా చేశావమ్మా’ అన్న దగ్గర పోదు. పోయిన గంటలో కొంత అలా తిరిగి దక్కుతుంది.

పిలుపు సంగతి కూడా ఒక మాట. కొందరు మేడమ్ అంటారు, కొందరు మాస్టారూ అంటారు, సంగీతం నేర్చుకునేవాళ్లు గురువుగారూ అంటారు. రోజూ క్లాసులో ఎలా పిలుస్తారో మెసేజీలోనూ అలాగే పిలవాలి. ‘సారీ’ ఒక్కసారి అంటే చాలు, అసలు అనకపోయినా ‘దయచేసి’ అన్న మాటలో ఆ మర్యాద వచ్చేసింది.

మేడమ్ జవాబు ఎలాగూ క్లుప్తంగానే ఉంటుంది: ‘సరే అమ్మా, బుధవారం 6:30.’ ఇక్కడితో అయిపోయిందనుకోకూడదు. ‘సరే మేడమ్, బుధవారం సాయంత్రం 6:30, పాత లింకే కదా’ అని తిరిగి రాయాలి. లింకు గురించి అడగడం ఊరికే కాదు. కొందరు టీచర్లు ఎప్పుడూ ఒకే లింకు వాడతారు, కొందరు ప్రతి క్లాసుకీ కొత్తది పంపుతారు. వాయిదా పడిన క్లాసులు చాలావరకు ఇక్కడే తప్పిపోతాయి. ఒకరు పాత గదిలో కూర్చుంటారు, ఇంకొకరు కొత్త గదిలో.

ఏ దారిన పంపాలి

రాసిన మెసేజీ వెళ్లడం ఇంకో మెట్టు. కరెంటు పోయాక సెల్లు టవర్ వెంటనే ఆగిపోదు. దాని దగ్గర బ్యాటరీలుంటాయి, కొన్నిచోట్ల డీజిల్ జనరేటరూ ఉంటుంది. కానీ ఊళ్లో వైఫై వాడే ఇళ్లన్నీ ఒక్కసారిగా మొబైల్ డేటా మీదికి వచ్చి పడతాయి. టవర్ అందరికీ పంచాలి కాబట్టి ప్రతి ఒక్కరికీ అందేది సన్నబడుతుంది. కోత బాగా సాగితే బ్యాటరీలూ అయిపోతాయి. అంటే నిమిషాలు గడిచేకొద్దీ మెసేజీ వెళ్లే అవకాశం తగ్గుతూ పోతుంది. కారణం తెలుసుకోవడానికి పావుగంట చాలు, ఆ తర్వాత ఇంకా చూద్దాం చూద్దాం అని ఆపడం మంచిది కాదు.

వాట్సాప్‌లో మెసేజీ పక్కన చిన్న గడియారం బొమ్మ కనిపిస్తుంటే అది ఇంకా మన ఫోను దాటలేదని అర్థం. ఒక్క టిక్కు వస్తే బయటికి వెళ్లింది, రెండు టిక్కులు వస్తే అవతలి ఫోనుకి చేరింది. చాలామంది గడియారం బొమ్మ చూడకుండా ఫోను పక్కన పడేస్తారు. ఆ మెసేజీ సిగ్నల్ వచ్చాక ఎప్పుడో రాత్రి తొమ్మిదింటికి, ఒక్కోసారి మర్నాడు పొద్దున్న వెళ్తుంది. అందుకే మెసేజీలో ‘ఇంకో గంటలో’, ‘రేపు’ అనే మాటలు వాటంతటవి నిలబడవు. పొద్దున్న చేరిన మెసేజీలో ‘రేపు’ అంటే ఏ రోజు? మన అమ్మాయి ‘ఇవాళ మంగళవారం’, ‘బుధవారం’, ‘గురువారం’ అని వారాల పేర్లు, గడియారం సమయాలు రాసింది కాబట్టి అది ఎప్పుడు చేరినా అర్థం చెడదు.

డేటా అసలు కదలనప్పుడు ఎస్సెమ్మెస్ ఉంది. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, ఫోన్‌కాల్ వెళ్లేంత సిగ్నల్ ఉంటే చాలు, ఒక్కోసారి కాల్ నిలబడని సిగ్నల్‌లో కూడా వెళ్తుంది. అయితే తెలుగులో రాసేటప్పుడు ఒక చిక్కుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో రాస్తే 70 మాత్రమే. పైగా ఫోను లెక్క మన లెక్క లాంటిది కాదు. ‘క్లా’ మనకి ఒక్క అక్షరం. ఫోను దాన్ని క, పొల్లు, ల, దీర్ఘం అని నాలుగుగా లెక్కపెడుతుంది. 70 దాటితే మెసేజీ ముక్కలవుతుంది, సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు ఒక ముక్క వెళ్లి ఒకటి ఆగిపోవచ్చు. కాబట్టి ఒక్క ముక్కలో పట్టేలా రాయాలి:

‘మేడమ్, కరెంటు, నెట్ లేవు. మంగళ 6:30 క్లాసుకి రాలేను. బుధ 6:30కి?’

ఖాళీలూ చుక్కలూ కలుపుకొని ఇది 64. కారణం, రాలేనన్న మాట, కొత్త సమయం మూడూ వచ్చేశాయి. పక్కింటివాళ్ల ఫోను నుంచి పంపుతుంటే మాత్రం చివర పేరు తప్పనిసరి. అప్పుడు 70 దాటినా పరవాలేదు, ఎవరు పంపారో తెలియని మెసేజీ ఎందుకూ పనికిరాదు.

మన అమ్మాయి 6:08కి వాట్సాప్ పంపింది. రెండు టిక్కులు వచ్చాయి గానీ నీలం కాలేదు. మేడమ్ 6:15 దాకా వేరే క్లాసులో ఉంటారని తనకి తెలుసు, అందుకని ఆగింది. 6:17కి ఒక్కసారి ఫోన్ చేసింది. రెండు క్లాసుల మధ్య ఖాళీ అది, పాఠం మధ్యలో మోగితే ఇంకొకరి పాఠం పాడు చేసినట్టు. మేడమ్ ఎత్తి ‘ఇప్పుడే చూశానమ్మా, బుధవారం పెట్టుకుందాం’ అన్నారు. 6:30 గంటని ఆవిడ, రెండు రోజుల నుంచి సందేహాలున్నాయంటున్న ఇంకో కుర్రాడికి ఇచ్చారు. కరెంటు ఆ రాత్రి ఎనిమిదిన్నర దాటాక వచ్చింది.

ఫోను డేటా మీదే క్లాసు లాగించెయ్యొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. లెక్క చూద్దాం. ఇద్దరి మధ్య మంచి వీడియో కాల్‌కి సెకనుకి 600 కిలోబిట్లు పైకీ, అంతే కిందికీ కావాలని జూమ్ చెబుతుంది. గంట క్లాసుకి అది 540 మెగాబైట్ల దాకా అవుతుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు ఉన్నవాళ్లకి డేటా సరిపోతుంది, కానీ ఊరంతా టవర్ మీద పడిన వేళ ఆ వేగమే దొరకదు, బొమ్మ బిగుసుకుపోతుంది. గొంతు ఒక్కటే అయితే సెకనుకి 60 నుంచి 80 కిలోబిట్లు చాలు, గంటకి 70 మెగాబైట్లు. ఇది సన్నటి సిగ్నల్‌లోనూ నడుస్తుంది. సందేహాలు అడగడానికి, సిద్ధాంతం ఒకసారి చెప్పించుకోవడానికి గొంతు సరిపోతుంది. కిరణాల పటాలు గీస్తూ చెప్పే ఆప్టిక్స్ పాఠం గొంతుతో అవ్వదు. అందుకే ‘కావాలంటే 20 నిమిషాలు ఫోన్‌లో సందేహాలు అడుగుతాను’ అని రాయొచ్చు గానీ తేల్చాల్సింది టీచరే. 34 శాతం చార్జింగుతో గంట క్లాసుకి దిగడం నేనైతే వద్దంటాను. మధ్యలో ఫోను ఆరిపోతే క్లాసూ పోతుంది, కబురు చెప్పే దారీ పోతుంది.

ఇంట్లో రూటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుందా అంటే, నెట్ ఎలా వస్తోందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆపరేటర్ ఆఫీసు నుంచి మన ఇంటిదాకా నేరుగా ఫైబర్ ఉంటే మధ్యలో కరెంటు అవసరమయ్యే పెట్టెలుండవు. అక్కడ జనరేటర్ ఉండి ఇక్కడ యూపీఎస్ ఉంటే నెట్ నడుస్తుంది. స్తంభం మీద స్విచ్చు పెట్టె పెట్టి, అక్కడి నుంచి మామూలు కేబుల్ లాగిన చోట్ల వీధి కరెంటుతో పాటే ఆ పెట్టె కూడా ఆగిపోతుంది. మన ఇంట్లో ఎంత బ్యాటరీ ఉన్నా లాభం లేదు. డబ్బు పెట్టే ముందు, ఇన్వర్టర్ ఉన్న పక్కింట్లో కరెంటు లేనప్పుడు అదే ఆపరేటర్ నెట్ వస్తోందో లేదో అడిగి తెలుసుకోవచ్చు.

విదేశాల్లో ఉంటూ ఇక్కడి గురువుల దగ్గర సంగీతమో తెలుగో నేర్చుకునే పిల్లలకి ఇదే కష్టం ఇంకో రూపంలో ఎదురవుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపాను వచ్చినప్పుడు లక్షల ఇళ్లకి కరెంటు పోయింది. డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ సోమవారం రాత్రి 7 అంటే ఇక్కడ మంగళవారం ఉదయం 6:30. అదే మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు ముందుకు జరిపాక, మనకి అదే 6:30 వాళ్లకి రాత్రి 8 అవుతుంది. అక్కడి విద్యార్థి ‘రేపు 7కి’ అని రాస్తే రోజూ తప్పుతుంది, గంటా తప్పుతుంది. ‘మీకు బుధవారం ఉదయం 6:30, మాకు మంగళవారం రాత్రి 7’ అని రెండు ఊళ్ల సమయాలూ రాయాల్సిందే.

ముందే తెలిసే కోతలకి ఇంత హైరానా ఉండదు. చెట్ల కొమ్మలు కొట్టడానికో సబ్‌స్టేషన్ పనులకో కరెంటు ఆపేటప్పుడు పేపర్లో జిల్లా పేజీలో వేస్తారు, కొన్నిచోట్ల ఫోనుకి మెసేజీ వస్తుంది. అది చూసిన రోజే టీచర్‌కి చెప్పేస్తే ఆ గంట వేరేవాళ్లకి సర్దుకోవడానికి వీలుంటుంది. ముందు రోజు తెలిసి కూడా క్లాసుకి అయిదు నిమిషాల ముందు చెప్పడం మాత్రం అన్యాయం.

ఇంకో సందర్భం ఉంది. ఒకే వారం, ఒకే గంట, మూడుసార్లు ఇలాగే పోయిందంటే ప్రతిసారీ ఆ క్లాసు ఒక్కటే మారుస్తూ పోవడంలో అర్థం లేదు. ‘మేడమ్, మా ఊళ్లో ఎండాకాలం అయ్యేదాకా సాయంత్రాలు నమ్మకం లేదు. జూన్ దాకా మంగళవారం క్లాసు ఉదయానికి మార్చుకోవచ్చా’ అని ఒకేసారి అడిగెయ్యాలి. టీచర్లకి ఇదే నచ్చుతుంది. అప్పటికప్పుడు వచ్చే మార్పు కంటే ముందుగా తెలిసే మార్పుని వాళ్లు తేలిగ్గా సర్దుకోగలరు.

పాఠం సగంలో ఉండగా పోతే అప్పుడు మెసేజీ రాసే తీరికే ఉండదు. దానికి ముందే ఒక మాట అనుకుని ఉండాలి. పది నిమిషాల్లో తిరిగి రాకపోతే ఆ రోజుకి క్లాసు ముగిసినట్టే, మిగిలిన భాగం తర్వాతి క్లాసుకి కలుపుకోవాలి అన్న ఒప్పందం చాలామందికి సరిపోతుంది. ఫీజు సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఎంత ముందు చెబితే ఆ గంటకి డబ్బు పడదు, ఎంత ఆలస్యమైతే పడుతుంది అన్నది కరెంటు పోయిన రాత్రి మాట్లాడుకునే విషయం కాదు. టీచర్లు కూడా ఇది తమంతట తామే మొదటి రోజే చెప్పాలి. పల్లెటూరి పిల్లలకి అడగడానికి మొహమాటం ఉంటుంది.

మీ ఇంట్లో ఆన్‌లైన్ క్లాసులు వినే పిల్లలుంటే, వచ్చే క్లాసు ముగిసేటప్పుడు టీచర్‌ని రెండు ముక్కలు అడగమనండి. డేటా లేనప్పుడు ఎస్సెమ్మెస్ ఏ నంబరుకి పంపాలి, నేను కనబడకపోతే మీరు ఎన్ని నిమిషాలు చూస్తారు? ఆ నంబరు ఫోనులోనే కాకుండా, ఫోను ఆరిపోయినప్పుడు పనికొచ్చేలా నోట్సు మొదటి పేజీలో కూడా రాసి పెట్టించండి.